వేలు పెట్టు, అంకె చెప్పకు

చెరుకు లైన్లో ఒక న్యాయం ఉండేది. సుడోకు దగ్గర ఎవరైనా ఆగిపోతే పక్కవాడు వేలు పెట్టవచ్చు గాని అంకె చెప్పకూడదు. ఏ వరసలో దారి ఉందో ఆ వరస మీద వేలు పెట్టి, "సూడు" అనాలి. అంతకుమించి మాట్లాడితే ఆ పూట అందరికీ ఛాయ్ వాడే తాగించాలి. ఇంకొకటి, గళ్లన్నీ నిండి చివర ఒక్కటి మిగిలినప్పుడు, ఆ గడి వేలు పెట్టినవాడిది. పేపరు వాడికి ఇచ్చేయాలి, వాడే నింపాలి.

ఈ న్యాయాన్ని నాకు చెప్పింది మా తమ్ముడు. ఎడపల్లిలో నాలుగెకరాల చెరుకు, ఒక ట్రాక్టరు వాడివి. పంట కాలంలో బోధన్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. పొద్దున లైన్లో పెట్టిన బండి కాంటా మీదికి ఎక్కేసరికి మర్నాడు తెల్లారడం కూడా ఉండేది. అంతసేపు మనుషులు ఏం చేస్తారు? పేకాడతారు, పండుకుంటారు, రాజకీయాలు మాట్లాడి కొట్టుకుంటారు. పేపర్లలో సుడోకు మొదలైన కొత్తలో మావాడి లైన్ మాత్రం దాన్ని పట్టుకుంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతులు, ఇక్కడి రైతులు, మిగతా విషయాల్లో ఒకరి మాట ఒకరికి పడనివాళ్లు కూడా, ఒకే పేపరును బండి నుంచి బండికి అందించుకునేవారట.

నేను నిజామాబాద్‌లో బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని పిల్లలకు, ఇంట్లోవాళ్లకు, కూరగాయలమ్మే ఆవిడకు కూడా తెలుసు. లెక్క చేయకుండా జవాబు కాపీ కొట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. కాబట్టి తమ్ముడు చెప్పిన న్యాయం నాకు బాగా నచ్చింది. వాడు కెమెరా ఉన్న ఫోన్ కొన్నాక నన్ను కూడా ఆ లైన్లో చేర్చుకున్నాడు. సగం నింపిన గళ్లను ఫోటో తీసి పంపేవాడు. ఒక్క మాట రాసేవాడు కాదు. సిగ్నల్ దొరికినప్పుడు మెల్లగా తెరుచుకునే ఆ మసక ఫోటో వచ్చిందంటే ఆగిపోయాడని అర్థం. మా ఇంటికీ అదే పేపరు వచ్చేది కాబట్టి అంకెలు సరిగ్గా కనబడకపోయినా ఇబ్బంది లేదు. నేను "ఐదో వరస" అని ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ కొట్టేదాన్ని. కాసేపటికి ఒక్క గడి మిగిలిన ఫోటో వచ్చేది. ఆ ఒక్కటి నాది. నేను అంకె పంపితే కథ ముగిసేది. సాయం కావాలని నోరు తెరిచి అడగడం మావాడి ఒంట్లో లేదు, అడగకుండానే జవాబు చెప్పేయడం నా ఒంట్లో లేదు. అలా ఇద్దరికీ కుదిరింది.

సుడోకు తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది గళ్లు. వాటిని మళ్లీ మూడు మూళ్ల చొప్పున తొమ్మిది డబ్బాలుగా విడదీస్తారు. అడ్డ వరసలోగాని, నిలువు వరసలోగాని, డబ్బాలోగాని ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఒక్కొక్కసారే రావాలి. కొన్ని అచ్చువేసి ఇస్తారు, మిగతావి మనం పట్టుకోవాలి. కూడికలు, గుణకారాలు ఏమీ ఉండవు. చూడటమే. ఏది ఎక్కడ ఉండకూడదో చూస్తూ పోతే ఎక్కడ ఉండాలో తేలుతుంది. చూడటమే అన్న ఈ మాట గుర్తుంచుకోండి.

ఒక పంట కాలం మొదట్లో తమ్ముడికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. నిజామాబాద్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు నేను పక్కనే ఉన్నాను. ప్రాణం నిలబడింది. కాలు కొంత కదిలింది. మాట రాలేదు, అక్షరాలు కూడా వాడి దగ్గర నుంచి వెళ్లిపోయాయి. పేపరులో పెద్దక్షరాలు చూపిస్తే కూడా వాటిని దాటి ఎటో చూసేవాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్, మాట రావచ్చు, టైం పడుతుంది, మెదడుకు ఏదో ఒక పని చెబుతూ ఉండండి అన్నాడు. కండ్ల పరీక్ష కూడా చేద్దామనుకున్నాడు గాని తమ్ముడు అప్పుడు చెప్పింది చేసే స్థితిలో లేడు.

ఇల్లు చేరాక మా మరదలి మీద కొండంత పని పడింది. ఆమె మంచిది, మొగుణ్ణి పసిపిల్లాడిలా చూసుకుంది. కాని ఫోన్ చేసినప్పుడల్లా ఆమె గొంతు ఒక్కో మెట్టు దిగిపోతూ ఉండేది. కంచంలో సగం అన్నం వదిలేస్తున్నాడని, పక్కన కూర్చుంటే తలతిప్పి చూడటం లేదని, తను ఎవరో కూడా గుర్తుందో లేదో అని. ఆమె అన్న ఒకాయన వచ్చి, బుద్ధి నిలకడ లేని మనిషిని అడిగేదేముంది, పంట కాలం అయిపోయి లైన్ మూసేలోగా ట్రాక్టరు అమ్మి, భూమి కౌలుకు ఇచ్చేద్దాం అన్నాడట. చెడ్డవాడేం కాదు. చెల్లెలి కష్టం చూడలేక అన్నాడు. కాని ఆ మాట వినగానే నాకు గుండెల్లో రాయి పడింది. నలభై దాటని మనిషి, కండ్లు తెరిచి మంచం మీద కూర్చుని ఉండగానే, ఇంట్లో లేనివాడి కింద జమ కట్టేస్తున్నారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, బడిలో పిల్లలు అన్నాలు తినే వేళకు, నా ఫోన్ మోగింది. తమ్ముడి నంబరు నుంచి ఫోటో. మాట లేదు, మామూలుగానే. పేపరు ఎగరకుండా ఒక మూల స్టీలు గ్లాసు పెట్టి ఉంది. ఆనాటి సుడోకు. ఎడమ చేత్తో రాసిన వంకర టింకర అంకెలు, సగం దాకా.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పక్క టీచర్లు ఏమైందని అడిగితే మా తమ్ముడు ఫోన్ చేశాడని చెప్పాను. మాట పోయినవాడు ఫోన్ ఎట్లా చేశాడని వాళ్లు ముఖాలు చూసుకున్నారు. నేను స్టాఫ్ రూంలోని పేపరు లాక్కుని, వాడి అంకెలన్నీ పెన్సిల్‌తో దానిలోకి ఎక్కించుకున్నాను.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. నాలుగో వరసలో వాడు ఏడు వేశాడు, అదే వరసలో ఎనిమిదో గడిలో అచ్చులోనే ఏడు ఉంది. ఒకే వరసలో రెండు ఏడులు! రెండో తరగతి పిల్లాడు కూడా చేయని తప్పు. ఆరో వరసలో రెండు మూళ్లు. తొమ్మిదో వరసలో రెండు ఐదులు. లైన్లో పదిమందికి వేలు పెట్టిన మనిషి ఇలా వేస్తాడా? మరదలి అన్న చెప్పిందే నిజమా అని ఒక్క క్షణం నాకూ అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

మెసేజ్ రాస్తే చదవలేడు. అందుకని నా పేపరు మీద నాలుగో వరస మొదట్లో వేలు పెట్టి, దాన్నే ఫోటో తీసి పంపాను. సూడు అన్నట్టు. చాలాసేపటికి జవాబుగా మళ్లీ వాడి ఫోటో వచ్చింది. ఏడు అక్కడే ఉంది. మళ్లీ వేలు పెట్టాను. మళ్లీ అదే ఫోటో. వాడు చూడనట్టు కాదు, ఆ ఏడును రుద్దిరుద్ది మళ్లీ ఏడే వేశాడని కాగితం నలుపును బట్టి తెలుస్తోంది. చూశాడు, ఆలోచించాడు, సరైనదే అని నిలబడ్డాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మావాడు, అది నాకు కొత్త కాదు. కాని రెండు కండ్లతో ఎదురుగా కనబడే ఏడును ఎలా కాదంటాడు?

సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. ఆయన పొద్దటి నుంచి అన్నం కూడా పక్కకు పెట్టి ఆ పేపరు మీదే కూర్చున్నాడని, మధ్యలో పెన్సిల్ విసిరికొట్టాడని చెప్పింది.

"జవాబు మొత్తం రాసి పంపు వదినా. నేను పక్కన కూసొని రాపిస్త. గాయన పానం నిమ్మళమైతది" అంది.

"నేను పంప. ఆయన పంపింది జవాబు కోసం గాదు. జవాబు రేపటి పేపర్ల ఎట్లయిన వస్తది" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆడబిడ్డ మనసు రాయి అనుకుని ఉంటుంది. అనుకోనీ. జవాబు పంపితే ఆ గళ్లు నిండేవి, వాడు మాత్రం ఖాళీ అయిపోయేవాడు. ఒక మనిషికి బుద్ధి ఉందా లేదా అని ఇల్లంతా తేల్చేసిన వేళ, వాడు తన బుద్ధిని ఫోటో తీసి నాకు పంపాడు. దాన్ని నేను దిద్దేసి తిరిగి పంపితే, వాళ్లతో పాటు నేనూ ఓటు వేసినట్టే కదా.

వంట పొయ్యి మీద ఉండగానే మళ్లీ పేపరు ముందు వేసుకున్నాను. పిల్లల లెక్క తప్పినప్పుడు నేను తప్పును చూడను, తప్పుకు దారి ఎక్కడుందో చూస్తాను. తప్పు కూడా ఒక పద్ధతిలో వస్తుంది. ఆ పద్ధతి పట్టుకుంటే పిల్లాడు దొరుకుతాడు. వాడు వేసిన ప్రతి అంకెనూ మూడు రకాలుగా సరి చూశాను. నిలువుగా చూస్తే ఒక్క తప్పు లేదు. డబ్బాలోపల చూస్తే ఒక్క తప్పు లేదు. తప్పులన్నీ అడ్డంగానే. అడ్డంగా ఎక్కడ ఢీకొన్నాయి? నాలుగో వరసలో ఎనిమిదో గడి దగ్గర. ఆరో వరసలో ఏడో గడి దగ్గర. తొమ్మిదో వరసలో తొమ్మిదో గడి దగ్గర. అన్నీ కుడివైపు చివరి మూడు నిలువు వరసల్లోనే.

ఆ మూడు నిలువు వరసల్లో వాడు ఒక్క అంకె కూడా వేయలేదని అప్పుడు గమనించాను. పై కుడి డబ్బాలో మూడే గళ్లు ఖాళీ, వరసకొకటి. అందులో నాలుగు అనే అంకె పెట్టడానికి ఒక్కటే చోటు ఉంది, ఎందుకంటే ఒకటో వరసలోనూ మూడో వరసలోనూ నాలుగు అప్పటికే వేరే డబ్బాల్లో వచ్చేసింది. మిగిలింది రెండో వరస గడి. ఎవరైనా మొట్టమొదట నింపే గడి అది. దాన్ని వదిలేసి, ఎడమవైపు కష్టమైన గళ్లన్నీ ఒళ్లు హూనం చేసుకుని నింపాడు. నేను పేపరు కుడి భాగాన్ని అరచేత్తో మూసి చూశాను. వాడు వేసిన ప్రతి అంకెకూ న్యాయం కుదిరింది. నాలుగో వరసలో ఆ ఏడు అక్కడ కాక ఇంకెక్కడా పట్టదు, కుడివైపు లేనే లేదనుకుంటే.

పొయ్యి మీద పప్పు మాడింది. దాన్ని దింపుతుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కంచంలో సగం అన్నం. ఏ సగం? పక్కన కూర్చుంటే చూడడు. ఏ పక్కన? మరదలికి ఫోన్ చేసి, మంచం ఏ దిక్కున వేశారు, నువ్వు ఎటు కూర్చుంటావు అని అడిగాను. తలుపు ఎడమవైపు, తను గోడ వైపు, అంటే ఆయన కుడివైపు అంది. కంచంలో ఏ సగం వదిలేస్తున్నాడో ఆమె ఎప్పుడూ చూసుకోలేదట. వాడి బుద్ధి ఎక్కడికీ పోలేదు. ప్రపంచంలో కుడి సగం వాడికి కనబడటం లేదు. కనబడటం లేదని వాడికి కూడా తెలియదు, తెలిసినా చెప్పడానికి నోరు లేదు.

మర్నాడు సెలవు పెట్టి, పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర స్కెచ్ పెన్ను సంచిలో వేసుకుని బోధన్ బస్సెక్కాను. ఎడపల్లిలో దిగి ఇంటికి పోయేసరికి అన్నాల వేళయింది. తమ్ముడు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. జవాబు పంపలేదన్న కోపం. కోపం వచ్చిందంటే గుర్తుపట్టాడన్నమాటే, దానికే నాకు సగం బరువు దిగింది.

మరదలు అన్నం పెట్టింది. వాడు ఎడమ చేత్తో కంచంలో ఎడమ సగం తిన్నాడు, శుభ్రంగా, గీత గీసినట్టు. తర్వాత చెయ్యి కడుక్కోవడానికి చెంబు కోసం చూశాడు. మరదలు నా వైపు, చూశావా అన్నట్టు చూసింది. నేను వంగి కంచాన్ని పట్టుకుని మెల్లగా తిప్పాను, కుడి సగం ఎడమకు వచ్చేలా. తమ్ముడు ఆ అన్నాన్ని ఇప్పుడే వడ్డించినట్టు చూశాడు. తర్వాత నిమ్మళంగా కలుపుకుని మొత్తం తిన్నాడు.

మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్లు కుడి పక్కన కూసొని, నన్ను గుర్తుపడ్తలేడని ఏడ్సిన అని తర్వాత చెప్పింది.

అప్పుడు వాడి నిన్నటి పేపరు తీశాను. ఏడు ఎక్కడ తప్పో నేను చెప్పలేదు. చెప్పడం ఎంతసేపు? కాని రేపు ఇంకో పేపరు వస్తుంది, ఎల్లుండి ఇంకోటి, ప్రతిరోజూ కుడి సగం చెప్పడానికి నేను ఎడపల్లిలో కాపురం పెట్టలేను. ఎర్ర పెన్నుతో గళ్ల కుడి అంచున, పైనుంచి కింది దాకా లావుగా ఒక గీత గీశాను. పేపరును కొంచెం ఎడమకు జరిపి, వాడి ఎడమ చేతి చూపుడువేలు పట్టుకుని నాలుగో వరస మొదట్లో పెట్టాను. అక్కడి నుంచి గడి గడికీ నడిపించుకుంటూ, ఎర్ర గీత తగిలేదాకా తీసుకుపోయాను.

"ఎర్రది అందేదాక ఆగద్దు. సూడు" అన్నాను.

వాడి వేలు ఎనిమిదో గడి దాటి గీత దగ్గర ఆగింది. కండ్లు, తల కూడా దాని వెంట తిరిగాయి. వెనక్కి వచ్చింది వేలు. అచ్చులో ఉన్న ఏడు మీద నిలబడింది. వాడు దాన్ని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తను వేసిన ఏడు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ముఖంలో ముందు సిగ్గు, ఆ వెంటనే ఇంకేదో వచ్చింది. రోజులు రోజులుగా తనకు పిచ్చి పట్టిందని తనే అనుకున్నాడేమో, కాదని ఇప్పుడు తెలిసినవాడి ముఖం అది. రబ్బరు తీసుకుని ఏడును చెరిపాడు. నేను అడగకుండానే ఆరో వరస మొదట్లో వేలు పెట్టుకుని ఎర్ర గీత దాకా నడిచాడు, మూడును చెరిపాడు. తొమ్మిదో వరసలో ఐదును చెరిపాడు. మరదలి అన్న అప్పటికే వచ్చి గడపలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయన లోపలికొచ్చి కూర్చున్నాడు, తమ్ముడికి ఎడమవైపు.

ఆ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ చాచి ఒక్కో వేలు కదిలిస్తూ పరీక్ష చేశాడు. ఎడమ వేలు కదిలిన ప్రతిసారీ తమ్ముడు చూపించాడు, కుడి వేలు కదిలితే ఒక్కసారి కూడా చూపించలేదు. కండ్లు బాగున్నాయి, మెదడులో చూపు అందే చోట సగం దెబ్బతింది, తిరిగొస్తుందో లేదో చెప్పలేం, కాని తల తిప్పి వెతుక్కోవడం నేర్పవచ్చు అన్నాడు. ఎర్ర గీతను చూసి, ఇదే చెయ్యమని నేను కూడా చెప్పేవాణ్ణి, మానకండి అన్నాడు.

మానలేదు. మరదలు పొద్దున్నే పేపరు రాగానే ఎర్ర గీత గీసి ముందు పెట్టేది. ఫోటోలు వచ్చేవి, మాట లేకుండానే. కొన్ని రోజులు కుడి సగంలో ఏ మూడో నాలుగో అంకెలు, కొన్ని రోజులు ఏమీ ఉండేవి కావు. పెన్సిల్ విసిరికొట్టిన రోజులూ ఉన్నాయి. నేను ఒక్కసారి కూడా అంకె పంపలేదు. వేలు పెట్టిన ఫోటో పంపేదాన్ని, వేలు మాత్రం ఇప్పుడు వరస చివర, ఎర్ర గీతను ఆనుకుని పెట్టేదాన్ని. ఒక్కోసారి ఒకే గడి కోసం రెండు రోజులు కుస్తీ పట్టేవాడు. మర్నాటి పేపరులో జవాబు వచ్చినా దాని వైపు చూసేవాడు కాదని మరదలు చెప్పింది. మా ఇంట్లో అందరమూ అంతే, మొండి ఘటాలం.

ట్రాక్టరును అమ్మారు. సగం కనబడని మనిషి దాన్ని నడపలేడు, అది నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. కాని అడిగి అమ్మారు. కొనేవాణ్ణి తమ్ముడి ఎడమవైపు కూర్చోబెట్టి, రేటు కాగితం మీద అంకెల్లో రాసి ముందు పెట్టారు. మొదటి రెండు కాగితాలను తమ్ముడు పక్కకు నెట్టేశాడు. మూడోదానికి తల ఊపాడు. భూమి మాత్రం కౌలుకు ఇవ్వనివ్వలేదు.

ఆ ఏడాది లైన్ మూసేశాక, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఆదివారం ఫోటో వచ్చింది. గళ్లన్నీ నిండి ఉన్నాయి, కుడివైపు మూడు నిలువు వరసలు కూడా. చివరి వరసలో చివరి గడి, కుడి కింది మూల, ఒక్కటి ఖాళీ. లైన్ న్యాయం ప్రకారం అది నాది.

అంకె పంపితే అయిపోయేది. పంపలేదు. ఉన్న చీరతోనే బస్సెక్కాను.

తమ్ముడు మంచం మీద పేపరు ముందేసుకుని కూర్చున్నాడు, నేను వస్తానని తెలిసినట్టే. ఈసారి కావాలనే గోడ వైపు, కుడి పక్కన కూర్చున్నాను. వాడు తల తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. నేను దొరికేదాకా తిప్పి, నన్ను చూసి నవ్వాడు. పెన్సిల్ నా చేతికిచ్చాడు. తొమ్మిదో వరసలో ఎనిమిది అంకెలున్నాయి, లేనిది రెండు అనే అంకె ఒక్కటే. కాని నేను పెన్సిల్‌ను గడి మీద పెట్టి, తెలియనట్టు అలాగే ఉండిపోయాను. లెక్కల టీచర్ను, ఒక్క గడి దగ్గర ఆగిపోయాను.

వాడు విసుగ్గా నా ముఖం చూశాడు. ఎడమ చెయ్యి చాచి తొమ్మిదో వరస మొదట్లో వేలు పెట్టి, ఎర్ర గీత దాకా మెల్లగా నడిపించాడు. పెదవులు కదిలాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ నోటి నుంచి మేము విన్న మొదటి మాట అదే.

"సూడు" అన్నాడు.